కన్వర్షన్ చార్టులో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఉంచాలా, తీసేయాలా?

హారిక_మాధాపూర్: మాది ఆన్‌లైన్ చీరల షాపు. రోజువారీ కన్వర్షన్ రేటు చార్టులో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ గీతలు పెడుతున్నాను. "ఈ మీసాలు తీసేయమ్మా, ఎవరికీ అర్థం కావట్లేదు" అంటున్నారు మా మేనేజర్ గారు. ఏం చెయ్యమంటారు?

శ్రీను_కూకట్‌పల్లి: అస్సలు తీయకండి. నా పాత ఆఫీసులో ఆ గీతలు ఉండేవి కావు. రేటు 3.5 నుంచి 2.5కి పడిందని సోమవారం మీటింగ్‌లో అందరి ముందూ నన్ను నిలదీశారు. ఆ పేజీకి రోజుకు వచ్చేదే 400 మంది. అంటే ఒక రోజు 14 ఆర్డర్లు, మర్నాడు 10. నలుగురు కొనకపోతే పేమెంటు పేజీ మొత్తం విప్పి చూశాం. ఏమీ చెడలేదు. 400 మందిలో 12 మంది కొంటే అసలు రేటు 1.7 నుంచి 5.2 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఆ గీత ఒక్కటి ఉంటే అన్ని మాటలు పడేవాణ్ని కాదు.

ఫణి_డిజైన్: నా కొంప ముంచింది ఆ గీతలే. చెక్అవుట్ పేజీ మార్చాను. పాతదానికి 4000 మంది వస్తే 120 ఆర్డర్లు, కొత్తదానికి 4000 మంది వస్తే 156. చార్టులో రెండు గీతలూ కాస్త ఒకదాని మీదకి ఒకటి వచ్చాయని "తేడా లేదు" అనేసి నా పని మూలన పడేశారు.

శ్రీను_కూకట్‌పల్లి: గీతలు కలిస్తే తేడా లేనట్టే కదా. అది రూలు.

సుజాత_లెక్కలు: కాదండీ. గీతలు కలవకపోతే తేడా ఉందనొచ్చు, అంతవరకు మీ మాట నిజం. కలిస్తే మాత్రం ఏమీ తేలనట్టే. ఫణి గారి అంకెల్లో పాతది సుమారు 2.5–3.5, కొత్తది 3.3–4.5. రెండూ కలుస్తున్నాయి. కానీ పాతది తన పై కొసలోనూ, కొత్తది తన కింది కొసలోనూ ఒకేసారి ఉండే అవకాశం చాలా తక్కువ. అందుకే తేడాకే విడిగా ఇంటర్వెల్ కట్టాలి:

```
from math import sqrt
se = sqrt(0.03*0.97/4000 + 0.039*0.961/4000)   # 0.0041
0.009 - 1.96*se, 0.009 + 1.96*se               # 0.001, 0.017
```

తేడా 0.1 నుంచి 1.7 శాతం పాయింట్ల మధ్య ఉంది. సున్నా బయటే ఉంది. రెండు పేజీలను పోల్చేటప్పుడు ఈ ఒక్క గీతనే సున్నా గీత పక్కన వేసి చూపించండి.

కొత్తగా_చేరా: నా చార్టులో ఒక్క ఆర్డరూ రాని రోజున గీతే కనిపించట్లేదు మేడమ్. ఆ రోజు రేటు పక్కాగా సున్నా అనుకోవాలా?

సుజాత_లెక్కలు: వద్దు. మామూలు ఫార్ములా అక్కడ చేతులెత్తేస్తుంది. విల్సన్ పద్ధతి వాడండి. 60 మంది వచ్చి ఎవరూ కొనకపోతే అది 0 నుంచి 6 శాతం దాకా చూపిస్తుంది.

ఫణి_డిజైన్: విన్నారా శ్రీను గారూ? నా పేజీ గెలిచింది.

శ్రీను_కూకట్‌పల్లి: కింది కొస 0.1. దానికి ఇంత దండోరానా? పైగా ఆ 4000 మనుషులా, విజిట్లా? రాత్రి ఫోన్లో చూసి పొద్దున ల్యాప్‌టాప్‌లో కొన్నవాణ్ని ఇద్దరుగా లెక్కేశారేమో.

సుజాత_లెక్కలు: అది సరైన ప్రశ్నే. ఒకే మనిషి మూడుసార్లు వచ్చి మూడు విజిట్లుగా లెక్కలో పడితే గీత ఉండాల్సిన దానికన్నా పొట్టిగా వస్తుంది. అప్పుడు ఆ 0.1 నిలవకపోవచ్చు.

ఫణి_డిజైన్: విజిట్లే. అయినా మీకెందుకండీ ఇంత మంట? నచ్చకపోతే పాత పేజీ మళ్ళీ పెట్టుకోవడం గంట పని. పోయేదేమీ లేనప్పుడు 95 శాతం నమ్మకం కుదిరేదాకా ఎందుకు కూర్చోవాలి? ఆ మీటింగ్‌లో నేనడిగింది ఇదే. ఎవరూ జవాబు చెప్పలేదు, చార్టు చూపించి నా నోరు మూయించారు.

శ్రీను_కూకట్‌పల్లి: మీ డిజైన్ మీద నాకు కోపం లేదు. మీకు ముందుకెళ్ళడానికి చార్టు కావాలి, నాకు ఊరికే నిందలు పడకుండా కావాలి. రేపు మీ పేజీ రేటు 3.2కి దిగితే సంజాయిషీ అడిగేది మీలాంటి డిజైనర్లని కాదు, నాలాంటివాళ్ళని.

సుజాత_లెక్కలు: మీరిద్దరూ వేర్వేరు చార్టుల గురించి కొట్టుకుంటున్నారు. రోజువారీ చార్టు "ఏదైనా చెడిందా" అని చూడటానికి. దానికి వెడల్పాటి ఇంటర్వెల్ మంచిదే. టెస్టు చార్టు నిర్ణయానికి. అక్కడ ఎంత నమ్మకం చాలన్నది టెస్టు మొదలవక ముందే మాట్లాడుకోవాలి.

ఫణి_డిజైన్: ముందే మాట్లాడుకునే ఆఫీసు ఏదో చెప్పండి, రెజ్యూమె పంపుతా.

హారిక_మాధాపూర్: రోజువారీ చార్టులో మీసాలు తీసి, ఏడు రోజుల సగటు చుట్టూ లేత రంగు పట్టీ వేస్తాను. కింద ఆర్డర్ల సంఖ్య రాస్తాను. మేనేజర్ గారు ఒప్పుకుంటారా?

శ్రీను_కూకట్‌పల్లి: సంఖ్య మాత్రం తప్పకుండా రాయండి. 10, 14 అని కనిపిస్తే ఆయనే ఆగుతారు. కానీ వారం సగటు పెడితే నిజంగా పేమెంటు ఆగిపోయిన రోజు దానిలో కలిసిపోతుంది, చూసుకోండి.

సుజాత_లెక్కలు: దానికి రోజువారీ చుక్కలు కూడా పట్టీ మీద ఉంచండి. ఒక్క మాట: చుక్కలకు రోజు లెక్కతో వచ్చే ఇంటర్వెల్ ఉండాలి, పట్టీ వారం లెక్కది. వారం పట్టీ సన్నగా ఉంటుంది కాబట్టి మామూలు రోజులు కూడా దాని బయట పడతాయి. అది చూసి మళ్ళీ మీటింగ్ పెడతారు.