ట్యాబ్‌కు కీబోర్డు కేసు పెట్టుకుంటే ల్యాప్‌టాప్ అవసరం తీరుతుందా?

చెరువుగట్టు (అల్లూరు):
మా యజమానివి ఆరు రొయ్యల చెరువులు, నేనే చూసుకుంటాను. రోజూ మేత లెక్క ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో షీట్‌లో రాస్తాను. కొత్తగా బ్లూటూత్ కీబోర్డు ఉన్న కేసు కొన్నాను. ఏ షార్ట్‌కట్లు నేర్చుకుంటే ఇది ల్యాప్‌టాప్‌లాగా పనిచేస్తుంది? లేక ల్యాప్‌టాపే కొనివ్వమని యజమానిని అడగాలా?

ఒంగోలు లెక్కలు:
మీ పనికి ట్యాబ్ చాలు. అన్ని షార్ట్‌కట్లూ బట్టీ పట్టకండి. ముందు `Alt + Tab` అలవాటు చేసుకోండి. షీట్ నుంచి వాట్సాప్‌కూ, అక్కడి నుంచి మళ్ళీ షీట్‌కూ వేలు తెర మీద పెట్టకుండానే వెళ్ళొచ్చు. కాపీకి `Ctrl + C`, అతికించడానికి `Ctrl + V`, తప్పు పడితే వెనక్కి రావడానికి `Ctrl + Z`, ఇవి ల్యాప్‌టాప్‌లో ఎలాగో ఇక్కడా అంతే. క్రోమ్‌లో కొత్త ట్యాబ్‌కు `Ctrl + T`, పైన అడ్రస్ గడిలోకి వెళ్ళడానికి `Ctrl + L`.

మిగతావి గుర్తుండకపోతే సెర్చ్ బొమ్మ గానీ, కమాండ్ గుర్తు గానీ ఉన్న కీ పట్టుకుని `/` నొక్కండి. చాలా ట్యాబ్‌లలో షార్ట్‌కట్ల జాబితా అక్కడే తెరుచుకుంటుంది.

`Esc` విషయంలో మాత్రం జాగ్రత్త. ల్యాప్‌టాప్‌లో అది గడిలో రాస్తున్నదాన్ని రద్దు చేస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో యాప్ దాన్ని పట్టించుకోకపోతే వెనక్కి బటన్ నొక్కినట్టే అవుతుంది. రెండుసార్లు నొక్కితే షీట్ నుంచే బయటికి వచ్చేస్తారు.

చీమకుర్తి గ్రానైట్:
అన్నా, నేను మూడేళ్ళుగా ఐప్యాడ్‌తో ఇదే చేస్తున్నా. `Command + Tab` తో యాప్‌లు మారతాయి, `Command + Space` తో వెతకొచ్చు, `Command + H` తో హోమ్‌కు పోవచ్చు. కమాండ్ కీని కాసేపు పట్టుకుంటే ఆ యాప్‌లోని షార్ట్‌కట్లన్నీ తెర మీదికొస్తాయి. `Esc` కీ లేని కీబోర్డయితే `Command` పట్టుకుని చుక్క నొక్కితే సరి. నీ కీబోర్డులో ఇవి పనిచేయకపోతే ఒకసారి `Fn + E` నొక్కి చూడు, నాది అట్లనే దారికొచ్చింది.

గూడూరు నిమ్మతోట:
నాకు ఆర్నెల్లకే కేసు మడత దగ్గర చినిగింది. అది చూసుకుని కొనండి.

ఇందుకూరుపేట రైతు:
ల్యాప్‌టాప్ అడుగు తమ్ముడూ. ట్యాబ్‌ను నమ్మి నేను దెబ్బ తిన్నాను. పోయిన పంటలో మా సూపర్‌వైజర్ ట్యాబ్‌లోనే రాశాడు. పట్టుబడికి ముందు చూస్తే కొన్న మేతకూ రాసిన మేతకూ పన్నెండు సంచుల తేడా. బొమ్మలు చూసుకునే వస్తువులో లెక్కలు రాస్తే ఇట్లాగే ఉంటుంది.

ఒంగోలు లెక్కలు:
పన్నెండు సంచులకూ ట్యాబ్‌కూ ఏం సంబంధమండీ? ల్యాప్‌టాప్‌లో రాసినా తప్పు రాస్తే తప్పే కదా.

ఇందుకూరుపేట రైతు:
సంబంధం ఉంది. ఆఫీసు కంప్యూటర్‌లో పదేళ్ళు రాయించాను, ఒక్క సంచి తేడా రాలేదు. ట్యాబ్ వచ్చిన మొదటి పంటకే వచ్చింది. మీకు ఒంగోల్లో కూర్చుంటే ఏం తెలుస్తుంది? సంచి ఖరీదు కట్టేది నేను.

చెరువుగట్టు (అల్లూరు):
చీమకుర్తి అన్న చెప్పినట్టు `Fn + E` నొక్కాను. అప్పటి నుంచి `Alt + Tab` పనిచేయడం లేదు. `Alt` ఒక్కటే నొక్కినా యాప్‌ల జాబితా వచ్చేస్తోంది. కీబోర్డు పాడైందా?

ఒంగోలు లెక్కలు:
పాడవలేదు. ఇలాంటి కేసుల కీబోర్డు ఐప్యాడ్‌కూ ఆండ్రాయిడ్‌కూ విండోస్‌కూ ఒకటే చేస్తారు. ఏ దానికి వాడుతున్నామో `Fn` తో చెప్పాలి. ఆయన చెప్పిన మీట మీ కీబోర్డును ఐప్యాడ్ పద్ధతికి మార్చింది. ఆ పద్ధతిలో `Alt`, కమాండ్ రెండూ చోట్లు మార్చుకుంటాయి. అందుకే మీరు `Alt` అనుకుని నొక్కుతుంటే ట్యాబ్‌కు వేరే కీ అందుతోంది. `Q`, `W`, `E` మీటల మీద మూలన చిన్న అక్షరాలో బొమ్మలో ఉంటాయి చూడండి. ఆండ్రాయిడ్ గుర్తు దేని మీద ఉంటే దాన్ని `Fn` తో కలిపి నొక్కండి. అన్ని కంపెనీలకూ ఒకే వరస ఉండదు. నా మాట మీదో ఇంకొకరి మాట మీదో పోకుండా మీ కీబోర్డు మీద ఉన్నది చూసి నొక్కండి.

చీమకుర్తి గ్రానైట్:
క్షమించు తమ్ముడూ, ఆండ్రాయిడ్ అని నువ్వు ముందే రాశావు, నేనే గమనించలేదు.

చెరువుగట్టు (అల్లూరు):
`Q` మీద ఆండ్రాయిడ్ బొమ్మ ఉంది. నొక్కగానే సర్దుకుంది.

కావలి టీచరమ్మ:
ఇంత చెప్పారు గానీ అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. కీబోర్డు కేసు తగిలిస్తే తెలుగు రాయలేం. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు మాటలు కింద వచ్చేవి, కేసు పెట్టగానే అవి పోయాయి. ప్రశ్నపత్రం అంతా మళ్ళీ వేలితో కొట్టాను.

ఒంగోలు లెక్కలు:
కీబోర్డు కలవగానే తెర మీది కీబోర్డు దాక్కుంటుంది మేడమ్. సెట్టింగ్స్‌లో ఫిజికల్ కీబోర్డు అనే చోట, తెర మీది కీబోర్డును కూడా ఉంచే స్విచ్ ఉంటుంది. అది వేస్తే కేసు తీయకుండానే తెలుగు వరకు తెర మీద కొట్టుకోవచ్చు. అయితే సగం తెర అదే తినేస్తుంది. పొడుగు తెలుగు పత్రాలకైతే మీ మాటే నిజం, ల్యాప్‌టాప్ హాయి.

ఇందుకూరుపేట రైతు:
చూశారా, మీరే ఒప్పుకున్నారు.

ఒంగోలు లెక్కలు:
తెలుగు పత్రాలకు ఒప్పుకున్నాను, అంకెలకు కాదు. ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా చెప్పండి. మీ సూపర్‌వైజర్ వాడింది కూడా బ్లూటూత్ కీబోర్డు కేసేనా? తేడా అన్ని చెరువుల్లో వచ్చిందా, ఒక్క చెరువులోనా?

ఇందుకూరుపేట రైతు:
కీబోర్డు కేసే. తేడా ఒకటో నంబరు చెరువులో. ఆ చెరువుకు 240 సంచులు దింపాం, సంచి 25 కిలోలు. అంటే 6,000 కిలోలు. షీట్‌లో 5,700 ఉంది. పట్టుబడి నాలుగు టన్నులు. కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే ఎఫ్‌సీఆర్ అతని లెక్క ప్రకారం 1.43 వస్తోంది, నా కొనుగోలు లెక్క ప్రకారం 1.5. మేత అమ్ముకున్నాడని నాకు అనుమానం వచ్చింది. జీతంలో పట్టుకున్నాను కూడా.

చెరువుగట్టు (అల్లూరు):
ఇదండీ సంగతి. సంచులు తక్కువైతే ముందు మా మీదే పడతారు. గట్టు మీద ఉప్పుగాలిలో, పొద్దు పోయాక దోమల్లో నిలబడి రాసేది మేము. ల్యాప్‌టాప్ అడుగు అని సలహా ఇస్తున్నారు, మీరు ఆయనకు ఇచ్చారా? లేదు. జీతం మాత్రం కోశారు.

ఇందుకూరుపేట రైతు:
నోరు అదుపులో పెట్టుకో. పన్నెండు సంచులు గాల్లో కలిసిపోతే ఏ రైతయినా అడుగుతాడు.

ఒంగోలు లెక్కలు:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. రైతుగారూ, ఒకటో చెరువు వరసలో ముందురోజుకూ మర్నాటికీ పొంతన లేకుండా పడిపోయిన అంకెలు ఉన్నాయేమో చూడండి.

ఇందుకూరుపేట రైతు:
ఉన్నాయి. మూడు రోజులు. 18, 20, 24. వాటి చుట్టుపక్కల అన్నీ 115 నుంచి 125 లోపు ఉన్నాయి. ఆ రోజుల్లో మేత తగ్గించారేమో అనుకున్నాను.

ఒంగోలు లెక్కలు:
118, 120, 124 అయి ఉంటాయి. మూడింటిలోనూ ముందున్న 1 పోయింది. మూడు వందల కిలోలు, సరిగ్గా మీ పన్నెండు సంచులు.

బ్లూటూత్ కీబోర్డు కొన్ని నిమిషాలు ముట్టుకోకపోతే బ్యాటరీ మిగుల్చుకోవడానికి నిద్రపోతుంది. మొదటి మీట నొక్కగానే లేచి ట్యాబ్‌తో మళ్ళీ కలుస్తుంది. ఆ కలిసే సెకనులో నొక్కింది చవక కీబోర్డుల్లో తెరకు చేరదు. సాయంత్రం ట్యాబ్ తెరిచి మొదట రాసేది ఒకటో చెరువు, అందుకే దెబ్బ అంతా దానికే తగిలింది. రెండో చెరువుకు వచ్చేసరికి కీబోర్డు మేలుకుని ఉంటుంది. కాసేపటి ముందు వాడిన రోజుల్లో ఒకటో చెరువు అంకె కూడా సరిగ్గానే పడి ఉంటుంది.

చెరువుగట్టు తమ్ముడూ, నువ్వు ఇవాళే పరీక్షించు. పది నిమిషాలు కీబోర్డు వదిలేసి, ఖాళీ గడిలో 12345 అని గబగబా కొట్టు. 2345 వచ్చిందంటే నీదీ ఆ బాపతే. అప్పుడు రోజూ ముందు `Shift` ఒకసారి నొక్కి, రెండు సెకన్లు ఆగి మొదలుపెట్టు. `Shift` ఒక్కటే అయితే గడిలో ఏమీ పడదు. పక్క గడిలో ఇది కూడా పెట్టుకో, మేత C వరసలో ఉందనుకుంటే:

```
=IF(ABS(C3-C2)>C2*0.2,"చూడు","")
```

నిన్నటికీ ఇవాళ్టికీ ఐదో వంతు కంటే ఎక్కువ తేడా ఉంటే “చూడు” అని వస్తుంది. చెక్ ట్రేలో మేత మిగిలి నిజంగానే తగ్గించిన రోజు కూడా వస్తుంది. అప్పుడు సంచులు లెక్కపెట్టుకుని వదిలెయ్.

కొత్తగా కొనేవాళ్ళయితే ట్యాబ్ అంచున లోహపు చుక్కలతో అతుక్కునే కేసు చూడండి. దానికి కరెంటు ట్యాబ్ నుంచే వస్తుంది, ఈ నిద్ర బాధ ఉండదు. కాకపోతే ఒక మోడల్ కేసు ఇంకో మోడల్‌కు పట్టదు.

చెరువుగట్టు (అల్లూరు):
పరీక్షించాను. మొదటిసారి 2345, రెండోసారి 345. `Shift` నొక్కి ఆగి కొడితే మొత్తం వచ్చింది. నావీ పాత వరసలన్నీ రాత్రికి చూసుకుంటాను.

ఇందుకూరుపేట రైతు:
కీబోర్డు అంకె మింగిందనే అనుకుందాం. తెర మీద 18 అని కనిపిస్తుంటే రాసేవాడు చూసుకోవద్దా? అది అతని పని కాదా?

చెరువుగట్టు (అల్లూరు):
చూసుకోవాలి, కాదనను. అది పొరపాటు. మీరు జీతం పట్టుకున్నది పొరపాటుకు కాదు, దొంగతనానికి.

కావలి టీచరమ్మ:
ఆ స్విచ్ దొరికింది, తెలుగు మాటలు మళ్ళీ వస్తున్నాయి. రైతుగారూ, ఆ అబ్బాయి ఇంకా మీ దగ్గరే పనిచేస్తున్నాడా?

ఇందుకూరుపేట రైతు:
లేడు. ముత్తుకూరు వైపు ఇంకొకరి చెరువుల మీద ఉన్నాడు. ఫోన్ నంబరు ఉంది. ముందు గోడౌన్ పుస్తకంలో ఆ మూడు రోజుల ఖాళీ సంచులు చూసి, ఆ తరువాత చేస్తాను.