కంపెనీ మీద మోసం కేసు: ముగ్గురు ఉద్యోగులూ నిజాయితీగానే ఉంటే ఉద్దేశం ఎవరిది?

మూట్‌టీమ్ 14
ఆరు గంటలుగా ఒకే పేరా దగ్గర ఆగిపోయాను. ఎల్లుండికి మూట్ కోర్టు పోటీకి మెమోరియల్, అంటే రాతపూర్వక వాదన ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. సమస్య ఇది. ఒక కంపెనీ సరుకు నిల్వలు, రావాల్సిన బాకీలు చూపించి బ్యాంకులో అప్పు వాడుకుంటోంది. సేల్స్ ఆఫీసర్ టార్గెట్ అందుకోవడానికి సరుకు కదలకముందే బిల్లులు వేశాడు. వచ్చే వారం ఎలాగూ వెళ్తుందనుకున్నాడు, బ్యాంకు సంగతి అతనికి తెలియదు. సరుకు కదలలేదని గోడౌన్ ఇన్‌చార్జికి తెలుసు, బ్యాంకుకు ఏం వెళ్తుందో తెలియదు. అకౌంటెంట్ పుస్తకాల్లో ఉన్నదే నమ్మి ప్రతి నెలా బ్యాంకుకు స్టేట్‌మెంట్ పంపాడు. అదే సరుకు నిల్వలోనూ, బాకీలోనూ రెండుసార్లు లెక్కకొచ్చింది. బ్యాంకుకు డబ్బు పోయింది. ముగ్గురిలో ఎవరికీ మోసం చేయాలన్న ఆలోచన లేదు. మరి కంపెనీకి ఎలా వస్తుంది? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సెషన్స్ ప్లీడర్
ఏ సెక్షన్? మీది ప్రాసిక్యూషనా, డిఫెన్సా? ఎండీకి ఏం తెలుసు? ఈ మూడూ లేకుండా జవాబు లేదు.

సీఎస్ ఫైనల్
దీనికి అంత ఆలోచించాల్సిన పని లేదండీ. కంపెనీకి మనసు లేదు, శరీరం లేదు. జైలు శిక్ష తప్పనిసరిగా ఉన్న నేరంలో కంపెనీని ముద్దాయిగా పెట్టలేరు. 2003లో వెల్లియప్ప టెక్స్‌టైల్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. జైలూ జరిమానా రెండూ వేయాలని చట్టం అన్నప్పుడు జడ్జి ఒకటి వదిలేసి రెండోది వేయడానికి వీల్లేదు. డిఫెన్స్ అయితే గెలిచినట్టే.

మూట్‌టీమ్ 14
సెక్షన్ బీఎన్ఎస్ 318(4). పాత ఐపీసీ 420. మాది ప్రాసిక్యూషన్! అయ్యో, ఆ 2003 తీర్పు నేను చూడనే లేదు.

సెషన్స్ ప్లీడర్
కంగారు పడకమ్మా. ఆ తీర్పు ఇప్పుడు లేదు. 2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంక్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం 3:2 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందో తెలుసుకుంటే నీ వాదనకు బలం వస్తుంది. ఆ కేసు పాత విదేశీ మారకద్రవ్య చట్టం కింద వచ్చింది. అందులో లక్ష రూపాయలు దాటిన ఉల్లంఘనకు జైలు తప్పనిసరి. అంతకు తక్కువైతే జరిమానా ఒక్కటే వేసినా సరిపోయేది. 2003 తీర్పు ప్రకారం వెళ్తే, చిన్న తప్పు చేసిన కంపెనీ కోర్టు మెట్లెక్కుతుంది, పెద్ద తప్పు చేసిన కంపెనీ ఇంట్లో కూర్చుంటుంది. చట్టం చేసినవాళ్లు ఇలా కోరుకుని ఉండరని మెజారిటీ జడ్జీలు అన్నారు. వేయగలిగిన శిక్ష జరిమానా కాబట్టి అదే వేయాలన్నారు. నీ సెక్షన్‌లో "జైలు, జరిమానాకు కూడా అర్హుడు" అని ఉంది. కాబట్టి ఆ అడ్డంకి పోయింది. ఎండీ సంగతి ఇంకా చెప్పలేదు.

పాత డైరెక్టర్
అందరికీ నమస్కారం. నాది కూడా ఇదే సమస్య. నేను ఒక కంపెనీలో పేరుకు డైరెక్టర్‌ని, రాజీనామా చేసి ఎనిమిది నెలలైంది. వాళ్లు తర్వాత ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే నా పేరు మీద సమన్లు వచ్చాయి. కంపెనీ తప్పుకు నేనెందుకు నిలబడాలి? ఇంట్లో అందరూ భయపడుతున్నారు. దయచేసి చెప్పండి.

సెషన్స్ ప్లీడర్
మీది వేరే దారి సార్. చెక్కుల చట్టంలో 141 అనే సెక్షన్ ఉంది. కంపెనీ నేరం చేస్తే ఆ రోజున దాని వ్యవహారాలు చూస్తున్నవాళ్లు కూడా బాధ్యులని అందులోనే రాసి ఉంది. ఆ చెక్కు తేదీకి మీరు డైరెక్టర్ కాదని రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన ఫారంతో చూపించగలిగితే కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్లవచ్చు. మోసం సెక్షన్‌లో అలాంటి మాట లేదు. ఈ అమ్మాయి అడిగింది మీ ప్రశ్నకు తలకిందులుది. మనిషి తప్పు కంపెనీకి ఎలా చేరుతుందని ఆమె అడుగుతోంది, కంపెనీ తప్పు మనిషికి ఎలా చేరుతుందని మీరు అడుగుతున్నారు.

సీఎస్ ఫైనల్
2005 సంగతి నేను మిస్ అయ్యాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ తీర్పు శిక్ష గురించే కదా? మనసు గురించి కాదు. "నేర మనస్తత్వం" కంపెనీకి ఉండదన్న నా మాట అలాగే నిలుస్తుంది.

తెలుగులో తీర్పు
"నేర మనస్తత్వం" అని రాయకండి, దయచేసి. మనస్తత్వం అంటే స్వభావం. మనం మాట్లాడుతున్నది ఆ పని చేసిన క్షణంలో ఉన్న ఎరుక, ఉద్దేశం గురించి. "దురుద్దేశం" అన్నా పూర్తిగా సరిపోదు, ఎందుకంటే కొన్ని నేరాలకు తెలిసి చేస్తే చాలు, చెడు కోరిక అక్కర్లేదు. "నేర సంకల్పం" దగ్గరగా ఉంటుంది.

సీఎస్ ఫైనల్
సంకల్పం అంటే పూజలో చెప్పేది గుర్తొస్తుంది. మెన్స్ రియా అంటే అందరికీ తెలుసు.

సెషన్స్ ప్లీడర్
పేరు మీద గొడవ ఉన్నా అందులో ఒక పనికొచ్చే మాట ఉంది. ఎరుక వేరు, ఉద్దేశం వేరు. ఈ అమ్మాయి సమస్య మొత్తం అక్కడే ఉంది.

ముందుగా కంపెనీకి మనసు లేదన్న మాట. 2010లో ఇరిడియం, మోటరోలా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తీసేసింది. పెట్టుబడిదారులకు ఇచ్చిన పత్రంలో అబద్ధాలు రాశారని ఫిర్యాదు. అది మోసం కేసే. కంపెనీని ఎవరి ఆలోచన నడిపిస్తోందో, ఆ మనిషి ఆలోచనే కంపెనీ ఆలోచన అని కోర్టు చెప్పింది. గోడౌన్‌లో పనిచేసే మనిషి కంపెనీకి చేయి, పైన నిర్ణయం తీసుకునేవాడు బుర్ర. చేయి ఆలోచనను కంపెనీకి అంటగట్టరు.

ఇక ముగ్గురి దగ్గరున్న ముక్కలు కలపవచ్చా అన్నది. 1987లో బెల్జియం రేవు నుంచి బయల్దేరిన ఒక బ్రిటిష్ ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే కదిలి బోల్తా పడింది, 193 మంది చనిపోయారు. తలుపు మూయాల్సినవాడు నిద్రపోయాడు, చూడాల్సిన ఆఫీసర్ చూడలేదు, తలుపు మూసుకుందో లేదో తెలిపే దీపాలు పెట్టమని కెప్టెన్లు అడిగినా పైవాళ్లు పట్టించుకోలేదు. విచారణ కమిటీ పై నుంచి కింది దాకా కంపెనీకి అలసత్వం అనే జబ్బు పట్టిందని రాసింది. అయినా కంపెనీ మీద పెట్టిన నరహత్య కేసు 1990లో వీగిపోయింది. పైన కూర్చున్నవాళ్లలో ఏ ఒక్కరి మీదా నేరం మొత్తం నిలబడలేదు, పది మంది చిన్న తప్పులు కలిపి ఒక పెద్ద తప్పు చేయడానికి జడ్జి ఒప్పుకోలేదు. ఇంగ్లండులో కంపెనీ మీద అలాంటి శిక్ష మొదటిసారి పడింది 1994లో. పడవ శిక్షణలో నలుగురు పిల్లలు మునిగిపోయిన కేసు అది. అక్కడ కంపెనీ చాలా చిన్నది, నడిపేది ఎండీ ఒక్కడే, కాబట్టి బుర్ర ఎవరిదో వెతకాల్సిన పని లేకపోయింది. పెద్ద కంపెనీ అయ్యేకొద్దీ తప్పించుకోవడం సులువు కావడం ఈ పద్ధతిలో ఉన్న లోపం.

మూట్‌టీమ్ 14
సార్, అమెరికాలో బ్యాంక్ ఆఫ్ న్యూ ఇంగ్లండ్ కేసులో ముక్కలు కలిపారు కదా? 1987. మా సీనియర్ దాన్నే వాడమంటున్నారు.

సెషన్స్ ప్లీడర్
కలిపారు. కానీ ఏం కలిపారో చూడు. ఒక ఖాతాదారు పది వేల డాలర్లు దాటిన నగదును చిన్న చిన్న చెక్కులుగా విడగొట్టి ఒకేసారి తీసుకునేవాడు. దాన్ని ప్రభుత్వానికి తెలియజేయాలని చట్టం. ఉద్యోగులకు విడివిడిగా తెలిసినదంతా బ్యాంకుకు తెలిసినట్టే అన్నారు. అక్కడ కలిపింది ఎరుకను. మోసంలో కావాల్సింది ఎదుటివాడిని నమ్మించి కాజేయాలన్న ఉద్దేశం. ముగ్గురిలో ఒక్కరికీ లేని ఉద్దేశం ముగ్గురినీ కలిపితే పుట్టదు. ఆ కేసు ఎదురుపక్షం చేతికి ఇవ్వకు.

ఆడిటర్
అసలు శిక్ష గురించి ఎవరూ ఆలోచించడం లేదు. కోర్టు జరిమానా వేస్తుంది, కంపెనీ కడుతుంది, ఆ డబ్బు వాటాదారుది. జీతం పెరగాల్సిన ఉద్యోగిది. నిర్ణయం తీసుకున్నవాడి జేబుకు ఏమీ తగలదు. ఫ్రాన్సులో నేరం కోసమే పెట్టిన కంపెనీని కోర్టు రద్దు చేయగలదు. బ్రిటన్‌లో కంపెనీల నరహత్య మీద వచ్చిన 2007 చట్టం కింద శిక్ష పడిన కంపెనీ తన నేరాన్ని, కట్టిన జరిమానాను తానే బయటికి ప్రకటించుకోవాలని కోర్టు ఆదేశించగలదు. మనుషులకు జైలు ఎలాగో, పేరు మీద బతికే సంస్థకు అది అలా తగులుతుంది. మన శిక్షాస్మృతిలో కంపెనీకి మిగిలేది జరిమానా ఒక్కటే. ఇరవై ఏళ్లుగా బ్యాలెన్స్ షీట్లు చూస్తున్నాను, జరిమానా అనేది ఖర్చుల్లో ఒక లైను.

తెలుగులో తీర్పు
అన్నిసార్లూ కాదండీ. ఆ 2007 చట్టం కింద మొదట శిక్ష పడిన చిన్న కంపెనీకి 3,85,000 పౌండ్లు వేశారు, పదేళ్ల వాయిదాల్లో. మట్టి గొయ్యి కూలి ఒక కుర్రాడు చనిపోయిన కేసు. కంపెనీ మూతపడినా తప్పదని పై కోర్టు కూడా అంది. చిన్నవాడికి అది మరణశిక్ష లాంటిది.

ఆడిటర్
అదే నేను చెప్పేది. ఒకే శిక్ష చిన్న కంపెనీని చంపేస్తుంది, పెద్ద కంపెనీకి దోమ కుట్టినట్టు కూడా ఉండదు.

మూట్‌టీమ్ 14
సార్, ఎండీ గురించి అడిగారు కదా. అది ముఖ్యం కాదనుకుని రాయలేదు. మార్చి 3న గోడౌన్ ఇన్‌చార్జి ఎండీకి మెయిల్ పెట్టాడు, "బిల్లు అయిన సరుకు ఇంకా ఇక్కడే ఉంది, చోటు లేదు" అని. ఎండీ తెరిచి చూశాడు, జవాబు ఇవ్వలేదు. ఏప్రిల్‌లో లిమిట్ పెంచమని బ్యాంకుకు వెళ్లిన లెటర్ మీద సంతకం ఆయనదే.

సెషన్స్ ప్లీడర్
అమ్మా, కేసంతా ఇదే! ఇది మొదట్లో చెప్పి ఉంటే ఇంత తిరగాల్సింది కాదు.

ఇక ముగ్గురు ఉద్యోగులను సాక్షులుగా మార్చుకో, ముద్దాయి ఆలోచన వాళ్ల దగ్గర వెతకకు. తేదీలు వరుసగా రాయి. మోసంలో ఉద్దేశం ఎదుటివాడిని నమ్మించే సమయానికే ఉండాలి. జనవరి, ఫిబ్రవరి స్టేట్‌మెంట్ల నాటికి ఎండీకి తెలిసిందన్న ఆధారం లేదు, వాటిని వదిలెయ్. ఏప్రిల్ లెటర్ దగ్గర నిలబడు. సరుకు కదలలేదని తెలిసిన మనిషి, బాకీలు నిజమేనని చూపించి, ఎక్కువ డబ్బు అడిగాడు. ఆయన కంపెనీకి బుర్ర. పెంచిన లిమిట్ మేరకు బ్యాంకుకు పోయిన డబ్బే నీ లెక్క, మొత్తం అప్పు కాదు. ఎక్కువ అడిగితే డిఫెన్స్ అక్కడే పట్టుకుంటుంది.

సీఎస్ ఫైనల్
అయితే ఎండీ కూడా ఆటోమేటిక్‌గా ముద్దాయి అవుతాడు కదా?

సెషన్స్ ప్లీడర్
కాడు. కంపెనీ తప్పు చేసింది కాబట్టి ఎండీ కూడా అనడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇక్కడ ఆయన సొంత సంతకం ఉంది కాబట్టి విడిగా పెట్టవచ్చు. పదవి వల్ల కాదు, పని వల్ల.

తెలుగులో తీర్పు
మరి మార్చి స్టేట్‌మెంట్ సంగతి? మెయిల్ తర్వాతే వెళ్లింది, పంపింది అకౌంటెంట్. ఎండీ ఊరకున్నాడు. ఊరకుండటం ఉద్దేశం అవుతుందా? బ్యాంకుకు ప్రతి నెలా ఏం వెళ్తుందో ఆయనకు తెలియదా?

సెషన్స్ ప్లీడర్
బోర్డు మినిట్స్‌లో ఉంటే తెలుసని వాదించవచ్చు. లేకపోతే నేను దాని మీద పందెం కాయను.

సీఎస్ ఫైనల్
నేను కాస్తాను. కళ్లు మూసుకున్నవాడికి తెలియదని అనలేం.

మూట్‌టీమ్ 14
థాంక్స్ సార్. ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి మళ్లీ రాస్తున్నా. మార్చిని ప్రత్యామ్నాయ వాదనగా పెడతా.

పాత డైరెక్టర్
ప్లీడర్ గారూ, ఆ ఫారం కంపెనీ దాఖలు చేయలేదు, నా దగ్గర రాజీనామా పంపిన మెయిల్ ఒక్కటే ఉంది. అది సరిపోతుందా?