అప్‌డేట్: మంచాన ఉన్న పేషెంట్ కేర్ ప్లాన్ గోల్ గురించి

ముందు అడిగింది: "స్ట్రోక్ వచ్చి మంచాన ఉన్న పెద్దాయనకి 'చర్మం బాగుండాలి' అని గోల్ రాస్తే మేడమ్ కొట్టేశారు, కొలిచేలా ఎలా రాయాలి?"

చెప్పిన అందరికీ థ్యాంక్స్ అండీ, మళ్ళీ రాశా, ఈసారి ఒప్పుకున్నారు. అసలు తప్పు గోల్‌లో కాదు, అసెస్‌మెంట్‌లోనే, "నడుం కింద ఎర్రగా ఉంది" అని రాసి వదిలేశా. ఈసారి స్కేలు పెట్టి చూస్తే 3 × 2 సెం.మీ., వేలితో నొక్కి తీసినా తెల్లబడట్లేదు, చర్మం తెగలేదు, అంటే స్టేజ్ 1 మంచపుండు. మంచపుండ్ల ముప్పు కొలిచే బ్రాడెన్ స్కోరు 11, హై రిస్క్.

అది రాసుకున్నాక గోల్ దానంతటదే వచ్చేసింది: "72 గంటల్లో ఆ ఎరుపు నొక్కితే తెల్లబడాలి, సైజు పెరగకూడదు, చర్మం తెగకూడదు."

ఇంటర్వెన్షన్లు మాత్రం బ్రాడెన్‌లో ఏ అంశానికి స్కోరు తగ్గిందో చూసి రాశా. కదలిక లేదు కాబట్టి 2 గంటలకోసారి 30 డిగ్రీలు పక్కకి తిప్పి వీపు వెనక దిండు, టైమూ ఏ పక్కకో చార్ట్‌లో రాయాలి. రాపిడి ఉంది కాబట్టి లాగకుండా ఇద్దరు కలిసి డ్రాషీట్‌తో ఎత్తాలి. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు. వాళ్ళమ్మాయి ప్రేమకొద్దీ ఆ ఎర్రటి చోట నూనె రాసి రుద్దుతోంది, అది లోపలి కణజాలాన్ని ఇంకా దెబ్బతీస్తుందని చెప్పి ఆపించా, అదీ ప్లాన్‌లో పెట్టా.

మూడో రోజు నొక్కితే తెల్లబడింది, సైజు 2 × 1. చాలా సంతోషమేసింది. స్కోరు ఇంకా 11 కాబట్టి తిప్పడం ఆపలేదు.