అప్‌డేట్: అమ్మోనియా Kpకి రెండు జవాబులు ఎలా వచ్చాయంటే

నా ప్రశ్న: "N₂ + 3H₂ ⇌ 2NH₃ చర్యకు 400 °C వద్ద Kc = 0.5. Kp ఒక గైడులో 1.64 × 10⁻⁴, ఇంకో దానిలో 1.6 × 10⁻⁸. ఏది నమ్మాలి?"

రెండూ సరైనవే! మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పే మా మేనమామ కాగితం మీద చేసి చూపించారు. "అల్లుడూ, R పక్కన ప్రమాణం రాయకుండా లెక్క మొదలుపెట్టకు" అన్నారు.

Kp = Kc(RT)^Δn. ఎడమవైపు 4 మోల్‌ల వాయువు, కుడివైపు 2. కాబట్టి Δn = −2. ఉష్ణోగ్రత 673 కెల్విన్. గాఢత లీటరుకు మోల్‌లలో, పీడనం అట్మాస్ఫియర్లలో ఉంటే R = 0.0821. అప్పుడు RT సుమారు 55.25, దాని వర్గం 3053. 0.5ను దానితో భాగిస్తే 1.64 × 10⁻⁴.

రెండో గైడు R = 8.314 తీసుకుంది. లీటర్లతో వాడితే ఆ R పీడనాన్ని కిలోపాస్కల్స్‌లో ఇస్తుంది. ఒక అట్మాస్ఫియర్ 101.325 కిలోపాస్కల్స్; Δn = −2 కనుక ఆ తేడా వర్గమై పదివేల రెట్లు దాటింది. గైడు ప్రమాణం అచ్చువేయకపోవడమే అసలు లోపం, అది చాలా అన్యాయం.

సరిచూసుకోవడానికి మామయ్య చెప్పిన ఉపాయం నాకు బాగా నచ్చింది. సమీకరణాన్ని సగం చేస్తే Δn = −1, Kc = √0.5 = 0.707. దాన్ని 55.25తో భాగిస్తే 0.0128. పాత Kp వర్గమూలం కూడా అంతే. 673 బదులు 400 వేసి ఉంటే ఈ పరీక్ష పట్టుకోదు. రెండు వైపులా అదే తప్పు దొర్లుతుంది. కెల్విన్ మాత్రం విడిగా చూసుకోవాలి.