బాల్కనీకి నెట్ చాలా, గ్రిల్ పెట్టాల్సిందేనా?

మియాపూర్ నాన్న: మాది ఆరో అంతస్తు. బాబుకి రెండున్నరేళ్లు. బాల్కనీ రెయిలింగ్ 42 అంగుళాలు. గ్రిల్ పెడితే ఎలివేషన్ పాడవుతుందని అసోసియేషన్ ఒప్పుకోవట్లేదు. నెట్ కట్టిస్తే సరిపోతుందా?

శ్రీలత: సరిపోతుందండీ. మేం మూడేళ్ల కిందట కట్టించాం, పావురం ఈక కూడా లోపలికి రాలేదు. టెన్షన్ పడకండి.

వెల్డింగ్ బాబాయ్: శ్రీలత గారూ, పావురాన్ని ఆపడం వేరు, పిల్లాడి బరువు మోయడం వేరు. పిల్లల కోసమని విడిగా అమ్మే మందపాటి నెట్‌లు ఉన్నాయి. కానీ తెగేది ఎక్కువగా తాడు కాదు, ఊడేది హుక్కు. పైపైన ప్లాస్టరింగ్‌లో దిగిన హుక్కు గట్టిగా గుంజితే సున్నంతో సహా చేతికొస్తుంది. కాంక్రీటులోకి యాంకర్ బోల్టు వేయించాలి. మూడేళ్లు ఎండకి కాగిన నెట్ అంటున్నారు కదా, ఒక పోగు గోటితో గీకి చూడండి. తెల్లటి పొడి రాలితే మార్చేయండి.

ఇక మియాపూర్ గారూ, ముందు ఆ బాల్కనీలో ఏమేం ఉన్నాయో చెప్పండి.

మియాపూర్ నాన్న: వాషింగ్ మెషీన్, తులసి కుండీ, దాని కింద చిన్న స్టూలు.

వెల్డింగ్ బాబాయ్: స్టూలు 16 అంగుళాలు అనుకుందాం. దాని మీదెక్కితే మీవాడికి మిగిలే రెయిలింగ్ 26 అంగుళాలే. మూడడుగుల పిల్లాడికి అది రొమ్ము దగ్గరికొస్తుంది. ఆ వయసులో తల బరువు, కిందికి తొంగి చూస్తే కాళ్లు లేస్తాయి. మెషీన్ ఎక్కితే చెప్పక్కర్లేదు. నెట్ వాడు వచ్చేలోపు, ఈరోజే రెండూ రెయిలింగ్‌కి దూరంగా జరపండి. మెషీన్ పైపు అందదంటే తలుపుకి పైన గడియ పెట్టండి.

గ్రిల్ అయితే నిలువు కడ్డీలే. అడ్డ కడ్డీలు పెడితే నిచ్చెన వేసిచ్చినట్టే. సందు నాలుగు అంగుళాలు దాటకూడదు.

అమీర్‌పేట అమ్మమ్మ: మా మనవరాలు బాల్కనీలో కాదు, మంచం మీంచి పడింది. కిటికీ పక్కనే మంచం, దోమల మెష్‌కి ఆనుకుంది, ఫ్రేమ్‌తో సహా ఊడింది. బయట గ్రిల్ ఉండబట్టి మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని ఏడుస్తూ దొరికింది. మోచేయి వాచిందంతే. ఇప్పుడు పరుపు నేల మీదే.

శ్రీలత: గ్రిల్ అంటున్నారు సరే, మంటలొస్తే బయటికెలా వెళ్తారు? మొత్తం బిగించేస్తే బోనే కదా.

వెల్డింగ్ బాబాయ్: ఆ మాట నిజమమ్మా. అందుకే తెరుచుకునే తలుపు ఒకటి పెడతాం, తాళంచెవి లోపల పెద్దవాళ్లకి అందే ఎత్తులో తగిలించాలి. కానీ మేం పెట్టిన ఇళ్లలో సగం మంది ఆ చెవి ఎక్కడుందో చెప్పలేరు.

మియాపూర్ నాన్న: స్టూలు తీసేశాను. తులసి నేల మీద ఉంటే మా అమ్మ ఊరుకోవట్లేదు. ఆదివారం మీటింగులో తలుపున్న గ్రిల్ సంగతి అడుగుతాను. బయటి నుంచి కనపడకుండా రెయిలింగ్‌కి లోపలి వైపు పెడితే ఒప్పుకుంటారేమో, మీలో ఎవరైనా అలా చేయించారా?