ముక్కు కొలిచి జాతి చెప్పవచ్చా? రిస్లీ లెక్కల మీద చర్చ

గోదారిగట్టు (ప్రశ్న)
ఆంత్రోపాలజీ ఆప్షనల్‌గా సివిల్స్‌కు చదువుతున్నాను. హెర్బర్ట్ రిస్లీ అనే బ్రిటిష్ అధికారి బెంగాల్‌లో కులాల వారీగా ముక్కులు కొలిపించి, కులం అంతస్తు పెరిగేకొద్దీ ముక్కు సన్నబడుతుందని 1891లో ప్రకటించాడట. నా నోట్సులో "ఇది అశాస్త్రీయం" అని ఒక్క మాటతో వదిలేశారు. ఆయన కొలతలు కల్పితం కాదు కదా? ముక్కు, జుట్టు, కళ్లు ప్రాంతాన్ని బట్టి మారడం అందరికీ కనిపిస్తూనే ఉంది. మరి వాటిని బట్టి జాతులను విడదీస్తే తప్పేమిటి?

ఎండాకాలం
దీనికి జాతితో పనే లేదు, అంతా వాతావరణం. చలి, పొడి గాలి ఉన్నచోట సన్నని ముక్కు గాలిని వేడిచేసి, తడిచేసి ఊపిరితిత్తులకు పంపుతుంది. వేడి, తేమ ఉన్నచోట ఆ అవసరం లేదు కనుక ముక్కు వెడల్పుగా ఉంటుంది. థామ్సన్, బక్స్టన్ అనే ఇద్దరు 1923లోనే ఈ సంబంధం చూపించారు. రిస్లీ చూసింది ఎండావానల తేడా, దానికి కులం పేరు పెట్టాడు. అంతే.

వసుంధర
ఎండాకాలం గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగానికి తరువాత వస్తాను. శారీరక మానవశాస్త్రం చాలా ఏళ్లు పాఠం చెప్పాను కనుక ముందు కొలత దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే రిస్లీ కథలో మొదటి బలహీనత అక్కడే ఉంది.

నాసికా సూచిక అంటే ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి వందతో హెచ్చించడం. 70 లోపు వస్తే సన్నముక్కు, 70 నుంచి 85 వరకు మధ్యరకం, ఆపైన వెడల్పు ముక్కు అని గీతలు గీశారు. ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకోండి. వెడల్పు 34 మిల్లీమీటర్లు, ఎత్తు 49. సూచిక 69.4, అంటే సన్నముక్కువాడు. ఎత్తు కొలవాలంటే కాలిపర్ అనే కొలత పరికరం పై మొన నుదుటి ఎముక, ముక్కు ఎముకలు కలిసే అతుకు మీద పెట్టాలి. బతికున్న మనిషిలో ఆ అతుకు చర్మం కింద ఉంటుంది, కనిపించదు. కొత్తగా కొలిచేవాళ్లు దాదాపు అందరూ కళ్ల మధ్య లోతైన గుంటే ఆ చోటు అనుకుంటారు. నిజానికి గుంట అతుకుకు కాస్త కింద ఉంటుంది. అలా రెండు మిల్లీమీటర్లు దిగితే ఎత్తు 47, సూచిక 72.3. మనిషి మధ్యరకంలోకి వెళ్లిపోయాడు. కొలుస్తున్నప్పుడు నవ్వాడనుకోండి, ముక్కుపుటాలు విచ్చుకుని వెడల్పు 36 అయితే సూచిక 76.6. ఒకే మనిషి, ఒకే పూట, రెండు రకాలు.

ఇంకో చిక్కు ఉంది. దూలం ఎత్తుగా ఉన్న ముక్కు మీద ఆ చోటును చేత్తో తడిమి పట్టుకోవడం కొంత సులువు, దూలం అణగిన ముక్కు మీద కష్టం. అంటే పొరపాటు అందరి మీదా సమానంగా పడదు, ముక్కు ఆకారాన్ని బట్టి పడుతుంది. ఎంతమందిని కొలిచినా అలాంటి పొరపాటు సగటులో కరిగిపోదు.

కాలయాపన
మేడమ్ గారూ, కొలిచేవాడు సరిగా కొలవలేదని శాస్త్రాన్నే తప్పంటారా? మంచి పరికరంతో మళ్లీ కొలిస్తే సరిపోతుంది. ఇప్పుడు ముఖాన్ని కంప్యూటర్‌లో త్రిమితీయంగా స్కాన్ చేస్తున్నారు.

వసుంధర
సరైన ప్రశ్న. రిస్లీ పట్టికలను గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ మళ్లీ తవ్వి చూశాడు, 1933లో అచ్చయింది. అచ్చుతప్పులు, ఒకదానితో ఒకటి పొసగని అంకెలు పట్టుకుని సరిచేశాడు. అంతేకాని మొత్తం చెత్తబుట్టలో వేయలేదు. కనుక కొలతలు పక్కాగా ఉన్నాయనే అనుకుందాం. అప్పుడైనా రిస్లీ సూత్రం నిలుస్తుందా?

సమాజశాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే 1932లో ఆ అంకెలనే తీసుకుని ఒక్కో ప్రాంతాన్ని విడివిడిగా చూశాడు. నేటి ఉత్తరప్రదేశ్‌లో అంతస్తుకూ ముక్కుకూ కొంత పొంతన కనిపించింది. మిగతా చోట్ల వరుస చెదిరిపోయింది. అంతకన్నా ఆసక్తికరమైనది ఏమిటంటే, ఉత్తరప్రదేశ్ బ్రాహ్మణుడి కొలతలు అక్కడి చాలా కులాల కన్నా, పంజాబులో అంటరానివారిగా చూసిన పారిశుద్ధ్య వృత్తి కులం కొలతలకే ఎక్కువ దగ్గరగా వచ్చాయి. అంబేద్కర్ 1948లో అస్పృశ్యుల మీద రాసిన పుస్తకంలో ఈ లెక్కలనే ఆధారం చేసుకున్నాడు. బ్రాహ్మణులు, అస్పృశ్యులు వేర్వేరు జాతులన్న వాదం ముక్కు కొలతల ముందే నిలవదని వాదించాడు. ప్రత్యర్థి తెచ్చిన సాక్షి చేతనే సాక్ష్యం చెప్పించాడన్నమాట. గోదారిగట్టు గారూ, మీ నోట్సులో "అశాస్త్రీయం" పక్కన రాసుకోవలసింది ఇది.

డాలస్ సుబ్బారావు
జాతులు లేవని ఎలా అంటారండీ? మా తమ్ముడి కొడుకు ఇక్కడ ఉమ్మి సీసాలో పోసి పంపితే డీఎన్ఏ పరీక్షలో దక్షిణాసియా అని వచ్చింది. దక్షిణ భారతం అని కూడా విడిగా చెప్పారు. పరీక్ష నిజమైతే జాతి నిజమే కదా.

వసుంధర
సుబ్బారావు గారూ, పూర్వీకులు ఎక్కడివారో తెలియదని ఇక్కడ ఎవరూ అనలేదు. ముక్కు చూసి తెలుస్తుందా అన్నదే ప్రశ్న. డీఎన్ఏ పరీక్ష లక్షల చోట్ల ఉన్న చిన్న తేడాలను కలిపి చూస్తుంది. ముక్కు ఒక్క అవయవం. దాని మీద వాతావరణం ప్రభావం ఉంది, వయసు ప్రభావం ఉంది, కొలిచే చేతి ప్రభావమూ ఉంది.

మన దగ్గరి ఉదాహరణే ఒకటి ఉంది. హైదరాబాదులోని జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2009 నాటి అధ్యయనంలో, ఆంధ్రప్రదేశ్ వైశ్యులు రెండు మూడు వేల ఏళ్లుగా దాదాపు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చారని జన్యువులు చూపించాయి. ఆ చరిత్ర ఆపరేషన్ బల్ల మీద కూడా బయటపడుతుంది. వారిలో కొందరికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే, నిమిషాల్లో తగ్గవలసిన ప్రభావం చాలాసేపు పోదు. దాన్ని విరిచే ఎంజైము వారికి తక్కువ. వేల ఏళ్ల వేరుదనం నిజం. కానీ వైశ్యుడి ముక్కును పక్కింటివాళ్ల ముక్కు నుంచి ఏ కాలిపర్ విడదీస్తుంది?

ఉంగరాలజుట్టు
నా గోడు కూడా వినండి. మాది ప్రకాశం జిల్లా. మా అన్నకు నున్నని జుట్టు, నాకు బిగుతైన రింగులు. హాస్టల్లో నన్ను "ఆఫ్రికా" అని పిలిచేవారు, అన్నను ఎవరూ ఏమీ అనలేదు. ఒకే తల్లి, ఒకే తండ్రి. నా జుట్టు మా వంశంలో ఎప్పుడో ఆఫ్రికావాళ్లు కలిసినట్టు చెబుతుందా? నిజంగానే అడుగుతున్నాను.

వసుంధర
చెప్పదమ్మా. జుట్టు వంపు చాలా జన్యువుల మీద ఆధారపడింది. ఒకే ఇంట్లో అవి వేర్వేరుగా పంపకమవుతాయి.

ఇదే తప్పు శాస్త్రవేత్తలూ చేశారు. అండమాన్ ఆదివాసులకు పొట్టి శరీరం, నల్లని చర్మం, బిగుతైన రింగుల జుట్టు చూసి, ఆఫ్రికావారితో కలిపి ఒక గంపలో వేశారు. 2000 తరువాత సీసీఎంబీలో తంగరాజ్, లాల్జీసింగ్ బృందం వారి జన్యువులను చదివింది. వారు ఆఫ్రికావారికన్నా ఆసియా వారికే దగ్గర. పపువా, సోలమన్ ద్వీపాల వారిదీ ఇదే సంగతి. సోలమన్ ద్వీపాల్లో కొందరికి పుట్టుకతోనే బంగారు రంగు జుట్టు ఉంటుంది. యూరపు నావికుల నుంచి వచ్చిందని చాలామంది అనుకునేవారు. 2012లో తేలిందేమిటంటే, దానికి కారణమైన మార్పు యూరపు వారిలో లేనే లేదు, అక్కడికక్కడ విడిగా పుట్టింది. కంటి కొస దగ్గర మడత కూడా అంతే. తూర్పు ఆసియాలో ఉంది, ఆఫ్రికా దక్షిణాన కలహారి ఎడారిలో ఉండే శాన్ ప్రజల్లోనూ ఉంది. మడతను బట్టి వర్గీకరిస్తే టోక్యోనూ కలహారినీ ఒక జాతి చేయాలి. జుట్టును బట్టి చేస్తే ఇంకో పటం, ముక్కును బట్టి మరో పటం వస్తాయి. మూడింటి గీతలూ ఒకదానిమీద ఒకటి కూర్చోవు. జాతి చెప్పడానికి ఇవేవీ నమ్మదగినవి కావు.

కాలయాపన
బాగుంది. మరి ఫోరెన్సిక్ వాళ్లు పుర్రె చూసి, ముక్కు రంధ్రం వెడల్పు చూసి, ఫలానా ప్రాంతపు మనిషి అని ఎలా చెబుతున్నారు? కోర్టులు ఒప్పుకుంటున్నాయి. మీ వాదం ప్రకారం వాళ్లు సోది చెబుతున్నారా?

వసుంధర
సోది కాదు. వారు చూసేది మాంసపు ముక్కును కాదు, ఎముకలోని ద్వారాన్ని. ఆ ఒక్కటే కాక మరెన్నో కొలతలు కలుపుతారు. అమెరికాలో ఒక ఊళ్లో దొరికిన పుర్రె ఎవరిదై ఉండవచ్చో ముందే నాలుగైదు అవకాశాలు తెలుసు కనుక, వాటిలో ఏది దగ్గరో చెప్పడం కుదురుతుంది. ఆ జాబితాలో లేని మనిషి వస్తేనే ఇబ్బంది. 2005లో సూడాన్ ప్రాంతపు ప్రాచీన నూబియా పుర్రెలను అలాంటి ఒక ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి చూశారు. ఒకే చోటి పుర్రెలను అది ప్రపంచం నలుమూలలకూ పంచిపెట్టింది. "నాకు తెలియదు" అనడానికి బదులు, తన దగ్గరున్న వాటిలో దగ్గరి పేరు చెప్పేసింది.

కాలయాపన
తెలియని చోట తప్పు చెబుతుంది, తెలిసిన చోట ఒప్పు చెబుతుంది. అంటే ఎముకలో ఎంతో కొంత సమాచారం ఉన్నట్టేగా. మీరు "నమ్మదగినవి కావు" అన్నదానితో నేను పూర్తిగా ఏకీభవించను.

వసుంధర
సమాచారం ఉంది, ఒప్పుకుంటాను. ఎంత ఉందన్నదాని మీదే మనకు పేచీ.

ఎండాకాలం గారికి బాకీ ఉన్న సగం. 2017లో నాలుగు ప్రాంతాల మూలాలున్న మనుషుల ముఖాలను స్కాన్ చేసి చూశారు. ముక్కు రంధ్రాల వెడల్పులో ప్రాంతాల మధ్య తేడా యాదృచ్ఛికంగా రాదగినదానికన్నా ఎక్కువ, అది ఉష్ణోగ్రతతోనూ గాలిలోని తేమతోనూ సరిపోలింది. కానీ ముక్కుకు సంబంధించిన మిగతా కొలతలు చాలావరకు కాకతాళీయ మార్పులతోనే వివరించదగ్గవి. కనుక "అంతా వాతావరణం" కాదు, కొన్ని భాగాలు వాతావరణం. అదే నిజమైతే దూరదూరంగా ఉన్న రెండు వేడి ప్రాంతాల వారికి చుట్టరికం లేకుండానే ఒకేలాంటి ముక్కు రావచ్చు. చుట్టరికం తెలుసుకోవడానికి ముక్కు పనికిరాకపోవడానికి కారణం సరిగ్గా అదే.

ఎండాకాలం
సరే, ముక్కు సగం వదిలేస్తాను. జుట్టు మాత్రం వాతావరణమే అంటాను. 2023లో వేడి కొలిచే బొమ్మ తలకు మనిషి జుట్టుతో చేసిన విగ్గులు పెట్టి, ఎండలాంటి దీపాల కింద ఉంచారు. బిగుతైన రింగుల విగ్గు కిందే తలకు వేడి అన్నిటికన్నా తక్కువ చేరింది.

ఉంగరాలజుట్టు
అలాగైతే అండమాన్‌లో దట్టమైన అడవి నీడలో బతికేవాళ్లకు ఆ రింగులు ఇన్నివేల ఏళ్లూ ఎందుకు నిలిచి ఉన్నాయి?

ఎండాకాలం
పూర్వీకుల నుంచి వచ్చింది, తీసేయవలసిన అవసరం రాలేదు అనుకుంటాను. వసుంధర గారు ఏమంటారు?

వసుంధర
పాతది అలాగే మిగిలిందా, పోయి మళ్లీ పుట్టిందా అన్నది తేలాలంటే ముందు వారిలో ఆ రింగులకు ఏ జన్యువులు కారణమో తెలియాలి. బొమ్మ తల దానికి జవాబు చెప్పలేదు.