ఆఫీసు ఉత్తరంలో ‘పుట్ ఆఫ్’ తప్పా? ‘పోస్ట్‌పోన్’ అనే రాయాలా?

పరవాడ ఉద్యోగి
మందుల కంపెనీలో నాణ్యత విభాగంలో పనిచేస్తాను. ఆడిట్ వచ్చే నెలకు మారిందని కస్టమర్‌కు రాస్తూ ‘పుట్ ఆఫ్’ అన్నాను. మా పై అధికారి అది కొట్టేసి ‘పోస్ట్‌పోన్’ అని రాశారు. రెండు మాటలుగా ఉండే క్రియలు ఉత్తరంలో ఎక్కడ కనిపించినా ఒంటి క్రియగా మార్చాలన్నారు. అలాంటి నియమం నిజంగా ఉందా?

ద్వారకానగర్ శిక్షకుడు
ఉంది. నా విద్యార్థులకు మొదటి వారమే పట్టిక ఇస్తాను. ‘పుట్ ఆఫ్’కు ‘పోస్ట్‌పోన్’, ‘కాల్ ఆఫ్’కు ‘క్యాన్సిల్’, ‘ఫైండ్ అవుట్’కు ‘డిస్కవర్’, ‘లుక్ ఇంటు’కు ‘ఇన్వెస్టిగేట్’. లాటిన్ నుంచి వచ్చిన మాటకు ఉత్తరంలో నిండుదనం ఉంటుంది. మనం కూడా నోటితో పెళ్ళి అంటాం, శుభలేఖలో వివాహం అని అచ్చు వేయిస్తాం. మీ అధికారి చెప్పింది సరైనదే.

మద్దిలపాలెం మాస్టారు
శుభలేఖ పోలిక బాగుంది. అయితే పెళ్ళి, వివాహం ఒకే సంగతికి రెండు పేర్లు. ఈ పట్టికలోని జంటలన్నీ అలాంటివి కావు. ‘పోస్ట్‌పోన్’ను విడదీసి చూడండి. లాటిన్‌లో ‘పోస్ట్’ అంటే తరువాత, ‘పోనెరె’ అంటే పెట్టడం. ‘పుట్ ఆఫ్’లో ఉన్నదీ పెట్టడమే. నిర్మాణంలో రెండూ అక్కాచెల్లెళ్లే. కాబట్టి ఒకటి గౌరవమైనది, ఇంకొకటి కాదు అన్న లెక్కతో ఆగిపోతే అసలు కారణం దొరకదు. ‘పుట్ ఆఫ్’కు అర్థాలు ఎక్కువ. వాయిదా వేయడం ఒకటి, మనసు విరిచేయడం ఇంకొకటి. మన దేశంలో దీపం ఆపడానికి కూడా ‘పుట్ ఆఫ్’ అనేవాళ్లు చాలామంది. చదివేవాడు మన పక్కన ఉండడు, ‘ఏ అర్థంలో?’ అని అడగలేడు. ఉత్తరంలో దాన్ని మార్చడానికి బలమైన కారణం అది.

ఎంవీపీ కాలనీ కార్యదర్శి
మాస్టారూ, ఈ మాటతో నేను పడ్డ కష్టం చెప్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో రోజూ ఉదయం 10 గంటలకు గంటసేపు నీళ్లు వదులుతాం. ఒక శనివారం ట్యాంకు కడుగుతున్నందున ఆ విడతను సాయంత్రం 4 గంటలకు మార్చాం. లిఫ్టు దగ్గర ఇంగ్లీషులో నోటీసు అంటించాను:

Water supply put off till 4 p.m.

మూడో అంతస్తు వాళ్లు దీన్ని ‘నాలుగింటి వరకే కట్టేస్తారు, తర్వాత రోజంతా వస్తాయి’ అని చదివారు. తీరిగ్గా ఆరున్నరకు బకెట్లు పెట్టుకున్నారు. అప్పటికి విడత అయిపోయి గంటన్నర దాటింది. ఆ ఇంట్లో బాలింత ఉంది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. వాళ్ల ఇంగ్లీషు సరిగా లేదని నేను అనలేను.

మద్దిలపాలెం మాస్టారు
అనకూడదు కూడా. వాళ్లు చదివినదీ సరైన చదువే. ‘ఆఫ్’ పక్కన ‘వాటర్ సప్లై’ కనిపిస్తే కట్టేయడమే ముందు స్ఫురిస్తుంది. దానికి ‘టిల్’ తోడైతే ‘అంతవరకు ఉండదు’ అన్న అర్థం గట్టిపడుతుంది. మీరు చెప్పదలచినది విడత మారడం. అది ఇలా ఉండాలి:

The 10 a.m. supply is postponed to 4 p.m. and will run for one hour.

ఒకవేళ నిజంగా నాలుగింటి వరకు కట్టేసి, ఆ తర్వాత వదిలేసే పనైతే ‘పోస్ట్‌పోన్’ కూడా తప్పే. అప్పుడు రాయవలసినది ‘సస్పెండ్’:

Supply will be suspended until 4 p.m.

‘పుట్ ఆఫ్’ స్థానంలో ఒంటి క్రియ పెట్టాలనుకున్నప్పుడే ‘ఏ క్రియ?’ అన్న ప్రశ్న మీకు ఎదురవుతుంది. మార్పు వల్ల కలిగే అసలు మేలు ఆ ప్రశ్నే. జవాబు తోచకపోతే మనం చెప్పదలచినది మనకే స్పష్టంగా లేదని గుర్తు.

బ్యాంకు విశ్రాంత ఉద్యోగి
నాకు తెలిసి తెలుగు ఉత్తరంలో ‘వాయిదా వేశాం’ అని రాయడం పూర్తిగా సరైనదే. అదీ రెండు మాటలే కదా? దాన్నెందుకు మార్చాలి?

మద్దిలపాలెం మాస్టారు
ఇక్కడ అడిగింది ఇంగ్లీషు ఉత్తరాల గురించి అండి. కానీ మీ మాట చాలా పనికొచ్చింది. రెండు మాటలైనా ‘వాయిదా వేయడం’ కోర్టులోనూ చెల్లుతుంది, పత్రికలోనూ చెల్లుతుంది. మాటల సంఖ్యకూ గాంభీర్యానికీ ముడిపెట్టలేమని మన భాషే చూపిస్తోంది. ఇంకో చిక్కు కూడా అందులోనే ఉంది. పరీక్ష వాయిదా, సభ వాయిదా, అప్పు వాయిదా, అన్నిటికీ మనకు ఒకే మాట. ఇంగ్లీషులో పరీక్షను ‘పోస్ట్‌పోన్’ చేస్తారు. మొదలైన సభను మధ్యలో ఆపి మరో రోజుకు పెడితే ‘అడ్జర్న్’ చేస్తారు. అప్పు వాయిదా అయితే ‘ఇన్‌స్టాల్‌మెంట్’. తెలుగులో ఆలోచించి రాసేవాళ్లు సగం జరిగిన సమావేశానికి కూడా ‘పోస్ట్‌పోన్’ అని రాసేస్తారు. అది చదివినవాడు సమావేశం అసలు మొదలే కాలేదనుకుంటాడు. పరవాడ మిత్రుడు ఇది గమనించాలి. ఆడిట్ మొదటి రోజు జరిగి ఆగితే ‘పోస్ట్‌పోన్’ నప్పదు.

పరవాడ ఉద్యోగి
మాది మొదలు కాలేదు మాస్టారూ, అక్కడ ‘పోస్ట్‌పోన్’ సరిపోయింది. కానీ అదే ఉత్తరంలో ఇంకో మార్పు జరిగింది. ఒక ఫిర్యాదు గురించి ‘లుకింగ్ ఇంటు’ అని రాస్తే ‘ఇన్వెస్టిగేటింగ్’ చేశారు. మా పరిశ్రమలో ఇన్వెస్టిగేషన్ అంటే నంబరు వేసి, దస్త్రం తెరిచి, మూలకారణం రాసి, సంతకాలతో మూసే పని. మేము ఇంకా దస్త్రం తెరవలేదు. సీసా మూత వదులుగా ఉందని ఫోను వస్తే నమూనా పంపమని మాత్రమే అడిగాం. రేపు ఆడిటర్ ఈ ఉత్తరం పట్టుకుని ఆ దస్త్రం చూపించమంటే నేనేం చూపాలి?

మద్దిలపాలెం మాస్టారు
ఆ మార్పును ఒప్పుకోకండి. జరగని పనిని జరుగుతున్నట్టు చెప్పే మాట ఎంత గంభీరంగా ఉన్నా ఉత్తరంలో ఉండకూడదు. ‘లుక్ ఇంటు’ మరీ తేలిగ్గా ఉందనిపిస్తే మీరు చేసిన పనే రాయండి:

We have requested the sample and will examine it.

పట్టికలోని ‘ఫైండ్ అవుట్’కూ ఇదే గతి. కారణం తెలుసుకోవడానికి ‘డిటర్మిన్’ నప్పుతుంది. ‘డిస్కవర్’ అంటే ఎవరికీ తెలియనిది బయటపెట్టినట్టు, లేదా అనుకోకుండా కంటపడినట్టు ధ్వనిస్తుంది.

ద్వారకానగర్ శిక్షకుడు
‘డిస్కవర్’ విషయం ఒప్పుకుంటున్నాను, పట్టికలో దిద్దుతాను. కానీ పరీక్ష రాసే పిల్లవాడికి ఇన్ని సందర్భాలు గుర్తుండవు. ఒక నియమం చేతికిస్తే పది తప్పుల్లో ఎనిమిదైనా తగ్గుతాయి. ‘పుట్ ఆఫ్ ఇట్’ అని రాసేవాళ్లను రోజూ చూస్తున్నాను. ‘ఇట్’ ఆ రెండు మాటల మధ్యకు రావాలని ఎన్నిసార్లు చెప్పినా నిలవదు. ‘పోస్ట్‌పోన్ ఇట్’ అంటే ఆ బెడదే లేదు.

మద్దిలపాలెం మాస్టారు
ఆ లాభం నిజమే, నేను కాదనను. మరి వాయిదాకు వ్యతిరేకమైన పనికి మీ పట్టికలో ఏముంది? సమావేశాన్ని సోమవారం నుంచి ముందటి శుక్రవారానికి జరిపారనుకోండి. మనవాళ్లు ‘ప్రీపోన్’ అంటారు. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, ఇంగ్లీషు నిఘంటువుల్లోకీ ఎక్కింది. కానీ లండన్‌లో చదివేవారికి ఆ మాట కొత్తగా తగలవచ్చు. అక్కడ ఉత్తరాల్లో మామూలుగా రాసేది ‘బ్రింగ్ ఫార్వర్డ్’. అదీ రెండు మాటలదే. మీ నియమం పాటిస్తే సరైన మాటను కొట్టేయాలి.

ద్వారకానగర్ శిక్షకుడు
‘అడ్వాన్స్’ ఉంది కదా?

మద్దిలపాలెం మాస్టారు
ఉంది. తేదీ పక్కనే ఉంటే సరిపోతుంది. తేదీ లేకుండా ‘రెండు రోజులు అడ్వాన్స్ చేశాం’ అంటే కొందరు తడబడతారు. ‘మూవ్‌డ్ ఫార్వర్డ్’ అయితే మరీ కష్టం. ఒకరు ముందుకు వచ్చిందనుకుంటారు, ఇంకొకరు వెనక్కు వెళ్లిందనుకుంటారు. ఏ క్రియ వాడినా పాత తేదీ, కొత్త తేదీ రెండూ రాయమని నేను చెబుతాను.

ఎంవీపీ కాలనీ కార్యదర్శి
ఈసారి నోటీసులో రెండు సమయాలూ వేశాను. కింద తెలుగులో కూడా రాశాను.

పరవాడ ఉద్యోగి
మా అధికారితో మాట్లాడాను. ‘లుకింగ్ ఇంటు’ స్థానంలో మాస్టారి వాక్యం ఒప్పుకున్నారు. ‘కేరీడ్ అవుట్’ను మాత్రం వదలడం లేదు, పరీక్షలు ‘కండక్ట్’ చేశాం అని రాయాలంటున్నారు.

ద్వారకానగర్ శిక్షకుడు
అక్కడ నేను మీ అధికారి పక్షమే.

మద్దిలపాలెం మాస్టారు
నేను కాదు. శాస్త్రీయ వ్యాసాలు తెరిచి చూడండి, ‘కేరీడ్ అవుట్’ ఎన్నిసార్లు కనిపిస్తుందో. అపార్థం లేదు, తేలికదనం లేదు. అయితే ‘కండక్ట్’ కూడా తప్పు కాదు కనుక, ఈ ఒక్క మాట కోసం మీ అధికారితో పేచీ పెట్టుకోమని నేను చెప్పలేను.